యూనిఫాం కన్వర్జెన్స్ లేకపోతే లిమిట్‌ను ఇంటిగ్రల్ లోపలికి తీసుకెళ్లకూడదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఎమ్మెస్సీ, నెట్ పిల్లలకు రియల్ అనాలిసిస్ చెబుతుంటాను. చిత్తూరు, పీలేరు, పుత్తూరు ఎక్కణ్నుంచి వచ్చినవాళ్లయినా ఈ చాప్టర్‌లో పొరబడేది దాదాపు ఒకేచోట. అందుకే ఒక్క ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళదాం. [0,1] మీద

f_n(x) = n^p · x(1−x)^n

ఇందులో p మన ఇష్టం, దాన్ని మారుస్తూ పోతే కథంతా బయటపడుతుంది.

అపోహ: ప్రతి x దగ్గరా లిమిట్ 0 వచ్చింది, ఆ 0 కంటిన్యువస్ కూడా, కాబట్టి యూనిఫాం.

ముందు p = 1 తీసుకోండి. x = 0 దగ్గర విలువ ఎప్పుడూ 0. x > 0 అయితే n పెరిగే వేగం కన్నా (1−x)^n తగ్గే వేగం చాలా ఎక్కువ, కాబట్టి అక్కడా లిమిట్ 0. ఇక్కడిదాకా అందరూ సరిగ్గానే రాస్తారు, ఆ తర్వాత x = 0.5 పెట్టి చూసి, విలువ సున్నాకి అతుక్కుపోయిందని "యూనిఫాం" అని రాసేస్తారు. యూనిఫాం అంటే x ను కట్టేసి చూడటం కాదు, n ను కట్టేసి, ఆ n కి మొత్తం [0,1] లో గరిష్ఠ విలువ ఎంతో కనుక్కుని, ఆ గరిష్ఠం సున్నాకి వెళుతోందా అని చూడటం.

డెరివేటివ్ n(1−x)^(n−1)·(1 − (n+1)x). ఇది సున్నా అయ్యేది x = 1/(n+1) దగ్గర. అక్కడ విలువ (n/(n+1))^(n+1), అది 1/e కి, అంటే సుమారు 0.368 కి వెళుతుంది. n = 99 అయితే x = 0.01 దగ్గర విలువ 0.366. గరిష్ఠం సున్నాకి పోలేదు కాబట్టి యూనిఫాం కాదు. కొండ మీద వైకుంఠం కాంప్లెక్స్‌లో ఏ భక్తుణ్ని తీసుకున్నా ఎప్పుడో ఒకప్పుడు దర్శనం చేసుకుని బయటికొచ్చేస్తాడు, అయినా లోపల జనం మాత్రం ఎప్పుడూ ఉంటారు, ఇదీ అంతే. ఎత్తయిన భాగం ప్రతి x నీ దాటిపోతుంది, కానీ అది 0 వైపు జరుగుతూ అలాగే ఉంటుంది. అందుకే 0 పక్కన కొంచెం వదిలేసి [0.1, 1] మీద చూస్తే యూనిఫాం వచ్చేస్తుంది.

లిమిట్ కంటిన్యువస్ అయితే యూనిఫాం అని చెప్పడానికి డీని సిద్ధాంతాన్ని చూపిస్తారు కొందరు. దానికి ప్రతి x దగ్గరా f_n(x) విలువలు n తో పాటు ఒకే దిశలో కదలాలి. మనవి 0 దగ్గరి x లకు ముందు పెరిగి తర్వాత తగ్గుతాయి, కాబట్టి ఆ సిద్ధాంతం ఇక్కడ పనికిరాదు.

అపోహ: యూనిఫాం కాదని తేలింది, కాబట్టి లిమిట్, ఇంటిగ్రల్ తారుమారు చేయకూడదు.

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. మన ఇంటిగ్రల్ నేరుగా లెక్కకు వస్తుంది:

∫ f_n = n^p / ((n+1)(n+2))

p = 1 అయితే ఇది 0 కి వెళుతుంది. లిమిట్ ఫంక్షన్ ఇంటిగ్రల్ కూడా 0. యూనిఫాం కాకపోయినా తారుమారు చెల్లింది! ఎందుకంటే అన్ని f_n లూ 1/e లోపలే ఉన్నాయి, హద్దు ఉన్న ఇంటర్వెల్ మీద లిమిట్ కూడా ఇంటిగ్రబుల్ అయినప్పుడు అది చాలు. అంటే యూనిఫాం కన్వర్జెన్స్ ఉంటే [0,1] లాంటిచోట చాలు, కానీ అది తప్పనిసరి కాదు.

p = 2 పెట్టండి, ఇంటిగ్రల్ 1 కి వెళుతుంది, లిమిట్ ఫంక్షన్ ఇంటిగ్రల్ మాత్రం 0. ఇక్కడ తారుమారు చేస్తే తప్పే. గరిష్ఠం n/e లెక్కన పెరిగిపోతోంది కదా, అదే కారణమేమో అనిపిస్తుంది. కానీ p = 1.5 చూడండి, అక్కడా గరిష్ఠం అనంతానికే పోతుంది, అయినా ఇంటిగ్రల్ 0 కే వెళుతుంది. మరి తేడా ఎక్కడుంది?

అన్ని f_n ల మీదా ఒకే కప్పు వేయగలమా, ఆ కప్పు కింద ఏరియా పరిమితమేనా అని చూడాలి. (1−x)^n ≤ e^(−nx) వాడి n మీద గరిష్ఠం తీసుకుంటే, p = 1.5 కి f_n(x) ≤ 1/√x వస్తుంది, దాని ఏరియా 2, కాబట్టి డామినేటెడ్ కన్వర్జెన్స్ పనిచేస్తుంది. p = 2 కి ఏ కప్పు వేసినా 0 దగ్గర అది c/x అంత ఎత్తు ఉండక తప్పదు, దాని ఏరియా అనంతం. p = 2 దగ్గర గీత పడింది అందుకే. పేపర్ మీద ఈ పని రెండు లైన్లు, కానీ ఆ రెండు లైన్లు రాయకుండా "డీసీటీ వల్ల" అని రాసేస్తే మార్కు ఇవ్వలేం.

అపోహ: యూనిఫాం వచ్చిందంటే ఇక చూసుకోనక్కర్లేదు.

[0,1] లాంటి ఇంటర్వెల్ మీద, f_n లు ఇంటిగ్రబుల్ అయితే నిజమే. ఎందుకంటే ఇంటిగ్రల్‌లో తేడా, గరిష్ఠ తేడాని ఇంటర్వెల్ పొడవుతో గుణించినంత లోపలే ఉంటుంది. పొడవు అనంతమైతే ఈ వాదన పనిచేయదు. [0,∞) మీద f_n ని [0,n] లో 1/n, బయట 0 అనుకోండి. గరిష్ఠం 1/n, కాబట్టి చక్కగా యూనిఫాం, కానీ ప్రతి f_n ఇంటిగ్రల్ 1, లిమిట్‌ది 0. ఇక్కడా ఆ కప్పు పరీక్షే పెట్టండి: మొదటి యూనిట్‌లో కప్పు కనీసం 1, రెండో దాంట్లో 1/2, మూడో దాంట్లో 1/3 ఎత్తు ఉండాలి, ఏరియా 1 + 1/2 + 1/3 + … అని అనంతానికి పోతుంది.