డెబ్బై రెండే ఎందుకు? పొదుపు రెట్టింపు లెక్క వెనుక కథ

చక్రవడ్డీ మీద వేసిన డబ్బు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో తెలియాలంటే 72ను వడ్డీ రేటుతో భాగించమంటారు. 6 శాతమైతే 12 ఏళ్లు, 8 శాతమైతే 9 ఏళ్లు. ఈ సూత్రం ఐన్‌స్టీన్ కనిపెట్టాడని పొదుపు పథకాల ప్రచారాల్లో తరచూ కనిపిస్తుంది. అందుకు ఆధారమేమీ లేదు. ఆయన పుట్టింది 1879లో. సూత్రం అంతకు 385 ఏళ్ల ముందే అచ్చులో ఉంది.

1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి రాసిన పెద్ద గణిత గ్రంథం అచ్చయింది. జమాఖర్చులను రెండు పద్దుల్లో రాసే పద్ధతిని వివరించిన తొలి అచ్చు పుస్తకంగా దానికి పేరు. అందులోనే ఓ చోట, అసలు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో తెలుసుకోవాలంటే 72ను గుర్తుంచుకుని వడ్డీతో భాగించమని ఆయన రాశాడు. 6 శాతానికి 12 ఏళ్లని ఉదాహరణ కూడా ఇచ్చాడు. 72 ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు. రాసిన తీరు చూస్తే వర్తకుల నోళ్లలో అప్పటికే నానుతున్న సూత్రాన్నే ఆయన పుస్తకంలోకి ఎక్కించాడనిపిస్తుంది.

నిరూపణ లేకపోయినా సరిచూసుకోవడానికి అప్పటివాళ్లకు గుణకారం చాలు. 100కు 6 శాతం చొప్పున ఏటా కలుపుకుంటూ పోతే మొదటి ఏడాది చివర 106, రెండో ఏడాది 112.36, మూడో ఏడాది 119.10. అలా పదకొండో ఏడాదికి 189.83, పన్నెండో ఏడాదికి 201.22. పన్నెండేళ్లు నిండేసరికి 200 దాటి కాస్త మిగిలింది. 8 శాతంతో అదే పని చేస్తే తొమ్మిదో ఏడాది చివర 199.90 వస్తుంది. అంటే సరిగ్గా గడప దగ్గర ఆగింది. ఇలా నాలుగైదు రేట్లకు లెక్క కట్టి, వచ్చిన ఏళ్లను రేటుతో గుణించి చూసినవాళ్లకు ప్రతిసారీ 72కు అటూ ఇటుగానే జవాబు వచ్చి ఉంటుంది.

అసలు కారణం బయటపడాలంటే సంవర్గమానాలు రావాలి. స్కాట్లాండ్ గణితవేత్త జాన్ నేపియర్ వాటిని ప్రకటించింది 1614లో, పాచోలీ పుస్తకం వచ్చిన 120 ఏళ్లకు. వాటితో చూస్తే రెట్టింపుకు పట్టే కాలం ఇది:

```
n = ln 2 / ln(1 + r)
```

ఇక్కడ n ఏళ్ల సంఖ్య, ln అంటే సహజ సంవర్గమానం, r వడ్డీ రేటు, 8 శాతమైతే 0.08. ln 2 విలువ 0.693. రేటు బాగా చిన్నదైతే ln(1 + r) దాదాపు r తో సమానం కాబట్టి, రేటును శాతాల్లో చెబితే సూత్రంలో ఉండాల్సిన సంఖ్య 69.3. మరి 72 ఎలా నిలబడింది? రేటు పెరిగేకొద్దీ ln(1 + r) విలువ r కంటే వెనకబడుతుంది. కింద ఉన్న సంఖ్య తగ్గితే భాగఫలం పెరుగుతుంది కదా. అందుకే వాడాల్సిన సంఖ్య కూడా రేటుతోపాటే పెరుగుతుంది. 2 శాతం దగ్గర అది 70, 8 శాతం దగ్గర దాదాపు సరిగ్గా 72, 12 శాతం దగ్గర 73.4. మామూలుగా తారసపడే రేట్ల నడుమ 72 కుదురుకుంది. పైగా 2, 3, 4, 6, 8, 9, 12 అన్నిటితోనూ అది శేషం లేకుండా పోతుంది. నోటిలెక్కకు అంతకంటే ఏం కావాలి? 69.3ను 9తో భాగించమంటే ఎవరికైనా కాగితం కావాల్సిందే.

రేటు పెద్దదైతే తేడా ఎంత వస్తుందో చూడటానికి పాచోలీకి మూడు వేల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో AO 6770 అనే బాబిలోనియా మట్టిపలక ఉంది. 20 శాతం వడ్డీకి ఇచ్చినది ఎంత కాలానికి రెట్టింపవుతుందన్నది అందులో ఓ లెక్క. మూడేళ్లకు 1 కాస్తా 1.728 అవుతుంది, నాలుగేళ్లకు 2.0736. రెండు ఆ మధ్యలో ఎక్కడో ఉంది. నాలుగో ఏడాది పొడవునా పెరుగుదల సమానంగా సాగుతుందనుకుని, నాలుగేళ్లలోంచి సుమారు 2.56 నెలలు తీసేయమని పలక చెబుతుంది. అంటే 3.787 ఏళ్లు. సంవర్గమానాల సూత్రం ప్రకారం 3.802. తేడా ఆరు రోజులు కూడా లేదు. ఏడాది మధ్యలో వడ్డీకి వడ్డీ కట్టని ఒప్పందమైతే పలకలోని జవాబే అచ్చంగా సరైనది.

అదే లెక్కకు 72 సూత్రం ఏమంటుంది? 72 ÷ 20 = 3.6 ఏళ్లు. దాదాపు రెండున్నర నెలలు తక్కువ చెప్పింది. దీన్ని సరిదిద్దడం తేలికే. రేటు 8 నుంచి పైకి వెళ్లే ప్రతి 3 శాతానికీ 72కు 1 కలపాలి, కిందికి వెళ్లే ప్రతి 3 శాతానికీ 1 తీసేయాలి. 20 అంటే 8 కంటే 12 ఎక్కువ, కాబట్టి 4 కలిపితే 76. దాన్ని 20తో భాగిస్తే 3.8. బాబిలోనియా వాడి పక్కకు వచ్చేశాం. కిందివైపు 2 శాతమైతే 72లోంచి 2 పోయి 70, జవాబు 35 ఏళ్లు. అసలు విలువ కూడా అంతే. ఈ సవరణ లేకుండా పెద్ద రేట్లకు వాడితే సూత్రం నవ్వులపాలవుతుంది. 72 శాతానికి ఏడాదిలో రెట్టింపు అంటుంది గానీ ఏడాది తిరిగేసరికి 100 అయ్యేది 172 మాత్రమే.

వడ్డీ కలిపే గడువును బట్టి కూడా సంఖ్య మారుతుంది. పైన చెప్పిందంతా ఏడాదికోసారి కలిపే వడ్డీకి. రేటును ఏడాదికి 8 శాతమని చెప్పి నెలనెలా కలిపితే రెట్టింపుకు 9 ఏళ్లు కాదు, 8.69 ఏళ్లు. అక్కడ 72కు బదులు 69.5 వాడాలి. నోటిలెక్కకు 70 చాలు.

ఎక్కువమంది పొరబడేది బారువడ్డీ దగ్గర. వడ్డీ అసలులో కలవకపోతే ఈ సూత్రంతో పనే లేదు, అక్కడ 100ను రేటుతో భాగించాలి. 8 శాతానికి పన్నెండున్నరేళ్లు. ఈ రెండిటినీ కలిపేస్తే మోసపోవడం తేలిక. పన్నెండేళ్లలో రెట్టింపయ్యే పథకాన్ని అమ్మేవారు, 100కు 100 లాభం వచ్చింది కాబట్టి ఏడాదికి 8.33 శాతమని చెప్పవచ్చు. పక్కనే చక్రవడ్డీతో 7 శాతం ఇచ్చే డిపాజిట్ ఉంటే అది చిన్నగా కనిపిస్తుంది. సూత్రాన్ని తిప్పి, 72ను ఏళ్లతో భాగించి చూడండి. 72 ÷ 12 = 6. కచ్చితంగా కడితే 5.95 శాతం. ఆ డిపాజిట్‌లోనైతే డబ్బు పదేళ్ల మూడు నెలలకే రెట్టింపవుతుంది.