మోడల్‌ని ఎంత దూరం నమ్మాలి? ట్రస్ట్ రీజియన్ వ్యాసార్ధం వెనుక కథ

1960లో రోజెన్‌బ్రాక్ ఒక పరీక్ష ఫంక్షన్ ఇచ్చాడు: `f(x, y) = 100(y - x²)² + (1 - x)²`. వంపు తిరిగిన సన్నటి లోయ అది. కనిష్ఠ విలువ (1, 1) దగ్గర ఉంటుంది. అందరూ (-1.2, 1) నుంచే మొదలుపెడతారు, అక్కడ f విలువ 24.2. న్యూటన్ పద్ధతి వాడితే మొదటి అడుగుకే అది 4.73కి దిగిపోతుంది. ఇంకేముంది, పని అయిపోయిందనుకుంటాం. రెండో అడుగు వేయగానే f విలువ 1411కి ఎగబాకుతుంది.

లెక్కలో తప్పేమీ లేదు. న్యూటన్ పద్ధతి మనమున్న చోట ఫంక్షన్‌కి దగ్గరగా ఉండే ఒక వర్గ రూపాన్ని, అంటే క్వాడ్రాటిక్ మోడల్‌ని కట్టుకుని, ఆ మోడల్ అట్టడుగుకి ఒక్క గెంతులో వెళ్తుంది. ఆ రెండో గెంతు పొడవు 4.95. అక్కడ f విలువ 0.52 ఉంటుందని మోడల్ చెప్పింది, తీరా వెళ్తే 1411 ఉంది. దగ్గర్లో నిజం చెప్పే మోడల్ అంత దూరంలో చెప్పిన మాటకి విలువ లేదు. మరి ఎంత దూరం వరకు నమ్మొచ్చు? ఈ ప్రశ్నకి జవాబుగా ట్రస్ట్ రీజియన్ వ్యాసార్ధం అనే ఒక అంకె దొరకడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది.

పాత జవాబు లైన్ సెర్చ్. కోషీ 1847లో గ్రేడియెంట్‌కి ఎదురు దిశలో దిగే పద్ధతి రాసినప్పటి నుంచీ ఆలోచన ఒక్కటే: ముందు దిశ ఖాయం చేసుకో, తర్వాత ఆ దిశలో ఎంత దూరం వెళ్లాలో వెతుక్కో. ఎంత తగ్గితే "చాలు" అనొచ్చో 1966లో ఆర్మీహో, 1969లో వోల్ఫ్ కచ్చితమైన షరతులుగా రాశారు. ఇప్పటికీ లైన్ సెర్చ్ కోడ్‌లలో కనిపించేవి ఆ షరతులే. పై ఉదాహరణలోనే చూడండి. న్యూటన్ దిశని అలాగే ఉంచి అడుగుని సగం చేస్తే 89.8, పావు చేస్తే 8.4, ఎనిమిదో వంతు చేస్తే 4.09. 4.73 కంటే తక్కువ కాబట్టి అక్కడ ఆగుతాం. నాలుగు ప్రయత్నాల్లో పని జరిగింది, పద్ధతి బాగానే నడిచింది.

రెండో దారి మొదట కనిష్ఠ వర్గాల సమస్యల్లో పుట్టింది. 1944లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్‌లో పనిచేసే లెవెన్‌బర్గ్, అడుగుని లెక్కించే మ్యాట్రిక్స్ వికర్ణానికి ఒక ధన సంఖ్య λ కలిపాడు. λ పెరిగేకొద్దీ అడుగు పొట్టిదవుతుంది, దాంతో పాటే దిశ కూడా గ్రేడియెంట్‌కి ఎదురు దిశ వైపు మళ్లుతుంది. లైన్ సెర్చ్‌తో అసలు తేడా ఇక్కడే ఉంది: అడుగు కుదిస్తే దిశ కూడా మారుతుంది. చాలాకాలం దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1963లో డ్యూపాంట్ కంపెనీలో ఉన్న మార్క్వార్ట్ ఇదే ఆలోచనని మళ్లీ తెచ్చి, λని ఎలా మార్చాలో తేలిగ్గా చెప్పాడు. విలువ తగ్గితే λని పదితో భాగించు, పెరిగితే పదితో గుణించు.

మార్క్వార్ట్ అడిగింది "తగ్గిందా, లేదా" అని మాత్రమే. మోడల్ వంద తగ్గుతుందని చెప్పి ఒకటే తగ్గినా అతని లెక్కలో అది విజయమే. ఆ తర్వాతి అడుగుకి మోడల్‌ని ఇంకా ఎక్కువ నమ్ముతాడు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు 1966లో వచ్చింది. గోల్డ్‌ఫెల్డ్, క్వాంట్, ట్రాటర్ అనే ముగ్గురు అర్థశాస్త్ర పత్రిక ఎకనామెట్రికాలో రాసిన వ్యాసంలో, నిజంగా వచ్చిన మార్పుని మోడల్ చెప్పిన మార్పుతో పోల్చి చూశారు. ఇప్పుడు మనం ρ అని రాసుకునే నిష్పత్తి ఇదే:

```
rho = (f(x) - f(x + p)) / (m(0) - m(p))
```

ఇక్కడ p వేసిన అడుగు, m మోడల్. పైన ఉన్నది నిజంగా తగ్గినంత, కింద ఉన్నది మోడల్ మాట ఇచ్చినంత. ఒకటికి దగ్గరగా ఉంటే మోడల్ మాట నిలబెట్టుకున్నట్టు. సున్నాకి దగ్గరైతే గొప్పలు పోయినట్టు. రుణ సంఖ్య వస్తే f పెరిగిందని అర్థం.

1970లో పావెల్ λని పక్కనపెట్టి, నమ్మే దూరాన్నే నేరుగా చేతిలోకి తీసుకున్నాడు. Δ వ్యాసార్ధంతో ఒక గోళం గీసి, దాని లోపలే మోడల్‌ని కనిష్ఠం చేయాలి. పొట్టి అడుగైతే గ్రేడియెంట్‌కి ఎదురు దిశలో, పొడవైతే న్యూటన్ వైపు వంగే అతని దారి గోల్ఫ్‌లో వంపు తిరిగే డాగ్‌లెగ్ దారిలా ఉంటుందని దానికి ఆ పేరొచ్చింది. ట్రస్ట్ రీజియన్ అనే మాట స్థిరపడింది మాత్రం తర్వాతే. సోరెన్సన్ 1982 నాటి వ్యాసానికి శీర్షికలోనే ఆ మాట ఉంది. మరుసటి ఏడాది మోరే, సోరెన్సన్ కలిసి, గోళం లోపలి సమస్యని కంప్యూటర్‌లో నమ్మకంగా ఎలా సాధించాలో చూపించారు.

వ్యాసార్ధం మార్చే నియమం చూడటానికి చాలా చిన్నది. సైపై లైబ్రరీలోని ట్రస్ట్ రీజియన్ కోడ్ సారాంశం ఇది:

```
if rho < 0.25:
    radius = 0.25 * radius
elif rho > 0.75 and hits_boundary:
    radius = min(2 * radius, max_radius)
```

దీన్ని మన లోయలోకి తీసుకెళ్దాం. మొదటి వ్యాసార్ధం 1 అనుకుందాం. మొదటి న్యూటన్ అడుగు పొడవు 0.38, కాబట్టి గోళం లోపలే ఉంది. మోడల్ 19.41 తగ్గుతుందని చెప్పింది, నిజంగా 19.47 తగ్గింది, ρ సుమారు 1.00. ఇంత బాగా కుదిరినా వ్యాసార్ధం పెంచం. ఎందుకంటే అడుగు అంచుని తాకలేదు. హద్దు మనకి అడ్డు రానప్పుడు దాన్ని పెంచి లాభం లేదు, పైగా 0.38 దూరంలో నిజం చెప్పినంత మాత్రాన 2 దూరంలోనూ చెబుతుందన్న హామీ లేదు. కోడ్‌లో `hits_boundary` అన్న చిన్న షరతు ఉన్నది ఇందుకే. సొంతంగా రాసుకునేవాళ్లు తరచూ మరిచిపోయేదీ ఇదే.

రెండో అడుగుకి న్యూటన్ 4.95 దూరం అడుగుతాడు. గోళం 1 దగ్గరే ఆపుతుంది. అంచు మీద దొరికిన చోట 1.54 తగ్గుతుందని మోడల్ చెబుతుంది. వెళ్లి చూస్తే f విలువ 5.39, అంటే 0.66 పెరిగింది. ρ = -0.43. ఆ అడుగు చెల్లదు. ఉన్నచోటే ఉండి వ్యాసార్ధాన్ని 0.25కి కుదిస్తాం. మళ్లీ లెక్కిస్తే మోడల్ 0.42 చెబుతుంది, నిజంగా తగ్గింది 0.43. ρ ఒకటికి కొంచెం పైనే ఉంది, అడుగు అంచుని తాకింది కూడా. కాబట్టి అడుగు ఒప్పుకుని వ్యాసార్ధాన్ని 0.5 చేస్తాం.

ఇక్కడ f విలువ 4.30కి వచ్చింది. లైన్ సెర్చ్ 4.09కి చేరింది. అంకె చూస్తే లైన్ సెర్చే మేలు, కాకపోతే దానికి ఫంక్షన్‌ని నాలుగుసార్లు లెక్కించాల్సి వచ్చింది, దీనికి రెండుసార్లే. ఈ ఒక్క అడుగుతో ఎవరు గెలిచారో తేల్చలేం. నాకు ముఖ్యంగా కనిపించేది జ్ఞాపకం. లైన్ సెర్చ్ తర్వాతి అడుగుకి మళ్లీ పూర్తి పొడవు నుంచే మొదలవుతుంది. ట్రస్ట్ రీజియన్ మాత్రం ఈ లోయలో మోడల్ ఎంత దూరం నిలబడిందో Δ రూపంలో వెంట తీసుకెళ్తుంది.

ఇద్దరి మధ్య నిజమైన తేడా, ఫంక్షన్ వంపుని చెప్పే హెస్సియన్ మ్యాట్రిక్స్ ధనాత్మకంగా లేనప్పుడు బయటపడుతుంది. `f = x² - y² + y⁴` తీసుకుని (1, 0.1) దగ్గర నిలబడదాం. కనిష్ఠ బిందువులు y ≈ ±0.71 దగ్గర ఉన్నాయి, అక్కడ f = -0.25. ఇక్కడ y దిశలో ఫంక్షన్ బోర్లించిన గిన్నెలా వంగి ఉంటుంది. న్యూటన్ ఆ గిన్నె నెత్తి మీదికి, అంటే (0, 0) దగ్గరున్న జీను బిందువు వైపు వెళ్తాడు. x దిశలో బాగా దిగడం వల్ల f 0.99 నుంచి దాదాపు సున్నాకి పడిపోతుంది. లైన్ సెర్చ్ షరతులకి ఇది చక్కటి అడుగు, సంతోషంగా ఒప్పుకుంటుంది. కానీ అక్కడ గ్రేడియెంట్ కూడా దాదాపు సున్నా, ఇక ముందుకు కదిలేది ఉండదు. అందుకే లైన్ సెర్చ్ వాడేవాళ్లు ముందుగా హెస్సియన్‌ని సరిచేసుకోవాలి. గోళానికి ఆ ఇబ్బంది లేదు. హద్దున్న చోట ఏ మోడల్‌కైనా కనిష్ఠం ఉంటుంది. వ్యాసార్ధం 1తో అడుగు (0.51, 0.97) దగ్గరికి వెళ్తుంది. మోడల్ 1.62 తగ్గుతుందంటే నిజంగా 0.78 తగ్గింది, ρ = 0.48. మాట సగమే నిలబెట్టుకుంది కాబట్టి అడుగు ఒప్పుకుంటాం, వ్యాసార్ధం మాత్రం ముట్టుకోం.

0.25, 0.75 అనే హద్దులు ఏ సిద్ధాంతం నుంచీ వచ్చినవి కావు. అనుభవంలో పనిచేశాయి కాబట్టి నిలిచిపోయాయి. ఆర్గాన్ ప్రయోగశాలలో తయారైన మిన్‌ప్యాక్‌లో మోరే రాసిన `lmder` తెరిస్తే ఇవే అంకెలు, `actred`, `prered`, `ratio` అనే పేర్లతో కనిపిస్తాయి. అందులో అడుగుని ఒప్పుకోవడానికి ρ 0.0001 ఉన్నా చాలు, సైపై కోడ్‌లో 0.15 దాటాలి. అడుగుని ఒప్పుకోవడం, మోడల్‌ని నమ్మడం రెండూ వేరని ఈ తేడాలో స్పష్టంగా తెలుస్తుంది. కొంచెం తగ్గినా తీసుకుంటాం, కానీ తర్వాతి గోళాన్ని మాత్రం కుదిస్తాం.

ρ ఇంకో మేలు కూడా చేస్తుంది. వ్యాసార్ధం కుదిస్తూ పోతే ఏ నునుపైన ఫంక్షన్‌కైనా ρ ఒకటి వైపు రావాలి. ఒకసారి నా కోడ్‌లో వ్యాసార్ధం పది సార్లు కుదించినా ρ 0.2 దగ్గరే తచ్చాడింది. ఫంక్షన్ కష్టమైనదేమో అనుకుని రెండు రోజులు హద్దులు మార్చుకుంటూ టెన్షన్ పడ్డాను. చివరికి చూస్తే గ్రేడియెంట్‌లో ఒక పదాన్ని రెండుతో గుణించడం మరిచిపోయాను. అప్పటి నుంచి ప్రతి అడుగుకీ ρనీ, వ్యాసార్ధాన్నీ అచ్చు వేయించుకుంటున్నాను.

కనిష్ఠానికి బాగా దగ్గరయ్యాక మాత్రం ఇదే ρ మనల్ని మోసం చేస్తుంది. f విలువ లక్షల్లో ఉండి, తగ్గాల్సింది పదో దశాంశ స్థానం తర్వాత అయితే, 16 అంకెల లెక్కలో ఆ తేడా రౌండింగ్‌లో కొట్టుకుపోతుంది. ρ ఒకసారి 3, ఒకసారి -7, ఒకసారి సున్నా వస్తుంది. అడుగులన్నీ చెల్లకుండా పోయి వ్యాసార్ధం కుప్పకూలుతుంది. గ్రేడియెంట్ చిన్నదిగా ఉండి ρ ఇలా ఎగిరెగిరి పడుతుంటే గ్రేడియెంట్‌ని అనుమానించక్కర్లేదు. అందుకే మంచి కోడ్‌లు పైనా కిందా ఉన్న రెండు తేడాలకీ f పరిమాణానికి తగిన అతి చిన్న సంఖ్యని కలిపి, ఆ తర్వాతే భాగిస్తాయి. అప్పుడు రెండూ రౌండింగ్ స్థాయిలోనే ఉంటే ρ ఒకటికి దగ్గరగా వస్తుంది, చివరి అడుగులు ఆగిపోకుండా పూర్తవుతాయి.