పూల సున్నిపిండి తమిళ చెవికి ఎలా వినబడుతుంది?

తిరుపతి చుట్టుపక్కల పెసరపిండి, కస్తూరి పసుపు, బావంచాలు, ఎండిన గులాబీ రేకులు కలిపి ప్యాకెట్ కట్టే చిన్న తయారీదారు ఎవరైనా దాని మీద 'పూల సున్నిపిండి' అని రాస్తే తెలుగువాళ్ళకు అందులో తప్పేమీ కనబడదు. అమ్మమ్మల కాలం నాటి మాటే. అదే ప్యాకెట్ నగరి దాటి తిరుత్తణిలోనో, చిత్తూరు దాటి వేలూరులోనో కొట్టుకు చేరితే అమ్మే కుర్రాడు పగలబడి నవ్వుతాడు, కొనే ఆవిడ దాన్ని పేరు పెట్టి అడగలేదు. తమిళంలో 'సున్ని' పురుషాంగానికి వాడే బూతు మాట. 'పూల్' అన్నా అదే అర్థం. హల్లుతో ముగిసే చాలా మాటలకు వాడుక తమిళం చివర ఉకారం తగిలిస్తుంది కాబట్టి మన 'పూలు' వాళ్ళ చెవిన సూటిగా ఆ బూతై పడుతుంది. ఒకే పేరులో ఒకే అర్థమున్న రెండు బూతులు పక్కపక్కన! కావాలని కూర్చినా ఇంత బాగా కుదరదు.

ఈ చిక్కు పాతదే, పెద్ద కంపెనీలు కూడా పడ్డవే. మిత్సుబిషి 1982లో తెచ్చిన పజేరోకు దక్షిణ అమెరికాలోని ఒక అడవిపిల్లి పేరు పెట్టారు. కానీ స్పానిష్ వాడుకలో ఆ మాట హస్తప్రయోగం చేసుకునేవాణ్ణి తిట్టే తిట్టు. అందుకే స్పానిష్ మాట్లాడే దేశాల్లో ఆ బండి మాంటెరో పేరుతో అమ్ముడైంది. రోల్స్ రాయిస్ 1965లో సిల్వర్ షాడో తెచ్చే ముందు సిల్వర్ మిస్ట్ అన్న పేరు అనుకుంది. ఇంగ్లీషులో మిస్ట్ అంటే పొగమంచు, జర్మన్‌లో పేడ. 2017లో హ్యుందాయ్ కోనా పోర్చుగల్‌కు వెళ్ళేసరికి కవాయీ అయింది. ఎందుకంటే అక్కడ దాదాపు అదే శబ్దం స్త్రీ అంగానికి వాడే పచ్చి మాట. హవాయిలో ఒక చోటి పేరు తీసేసి అదే హవాయిలో ఇంకో చోటి పేరు పెట్టారన్నమాట.

వీటిలో అన్నీ ఒక రకం కావు. విక్స్ సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. జర్మన్‌లో మాట మొదట్లో వచ్చే ఆ 'వి' అక్షరాన్ని సాధారణంగా 'ఫ' అని చదువుతారు. అలా చదివితే విక్స్ అక్కడి బూతు క్రియకు దగ్గరగా వస్తుంది. అందుకని అక్కడ 'వ' అని పలికే డబ్ల్యూ అక్షరంతో, చివరి 'స్' లేకుండా 'విక్' అని రాస్తారు. శబ్దం నిలబెట్టుకోవడానికి స్పెల్లింగ్ మార్చారు. అంటే అక్కడ తప్పు రాతలో ఉంది. మన సున్నిపిండి తప్పు శబ్దంలోనే ఉంది, స్పెల్లింగ్ ఎంత మార్చినా పోదు. పేరు పరీక్షించేవాళ్ళు ముందు తేల్చుకోవలసింది ఇదే: చిక్కు కంటికా, చెవికా?

కొన్నిసార్లు అసలు చిక్కే ఉండదు. షెవ్రొలే నోవా స్పానిష్ దేశాల్లో దెబ్బతిందనీ, అక్కడ 'నో వా' అంటే 'కదలదు' అని అర్థమనీ మార్కెటింగ్ పాఠాల్లో ఇప్పటికీ చెబుతుంటారు. అది కట్టుకథ. ఆ కారు మెక్సికోలో, వెనిజులాలో బాగానే అమ్ముడైంది. స్పానిష్‌లో నోవా అన్నప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది, 'నో వా' అన్నప్పుడు రెండో దాని మీద పడుతుంది. ఇక మెక్సికో ప్రభుత్వ చమురు సంస్థ పెమెక్స్ నోవా పేరుతోనే పెట్రోలు అమ్మింది. బూతు కోసం వెతుకుతూ కూర్చుంటే ఏ పేరులోనైనా ఒకటి దొరుకుతుంది. కాబట్టి పరీక్ష బూతును పట్టుకోవాలి, లేని బూతును మాత్రం పుట్టించకూడదు.

పెద్ద కంపెనీలు ఈ పనిని ఆయా భాషలవాళ్ళకు అప్పగిస్తాయి. 2011లో ఐకియా బ్యాంకాక్ దగ్గర దుకాణం తెరిచినప్పుడు స్వీడిష్ పేర్లను థాయ్ లిపిలో రాసి పరిశీలించడానికి అక్కడివాళ్ళ బృందాన్ని పెట్టుకుంది. ఒక మంచం పేరూ, ఒక పూలకుండీ పేరూ థాయ్‌లో లైంగిక అర్థం ఇస్తున్నాయని తేలింది. ఇలాంటివి దొరికినప్పుడు ఒక అచ్చునో హల్లునో మార్చి రాసేవారు.

తిరుపతిలో ఈ పని చేయడం తేలికని అనుకుంటాం. తమిళం వచ్చినవాళ్ళు వీధికి పదిమంది. అసలు గొయ్యి అక్కడే ఉంది. నగరి, పుత్తూరు, సత్యవేడు, కుప్పం వైపు వాళ్ళకు రెండు భాషలూ వచ్చు. 'సున్నిపిండి' చెవిన పడగానే వాళ్ళ బుర్ర దాన్ని తెలుగు మాటగా తీసుకుంటుంది, తమిళ అర్థం పైకే రాదు. దుకాణంలో పదేళ్ళుగా పనిచేస్తున్న తమిళ కుర్రాణ్ణి అడిగినా అంతే, వాడికి ఆ మాట అలవాటైపోయింది. వాళ్ళు 'ఏం లేదన్నా, బాగుంది' అన్నది అబద్ధం కాదు గానీ పనికొచ్చే జవాబూ కాదు. తెలుగు ముక్క రానివాడి చెవే కావాలి. వేలూరు, కాంచీపురం దాటి మదురై, కోయంబత్తూరు వైపు వాళ్ళయితే ఇంకా మంచిది.

భాషకు ఐదుగురు చాలు, కానీ ఆ ఐదుగురూ ఒకే రకం కాకూడదు. కనీసం ఇద్దరు పాతికేళ్ళ లోపువాళ్ళు ఉండాలి, బూతు ముందు పుట్టేది కుర్రకారు నోట్లోనే. బ్యూక్ లాక్రాస్ అన్న పేరుకు నిఘంటువు ప్రకారం ఏ దోషమూ లేదు, అది ఒక ఆట పేరు. కెబెక్ కుర్రాళ్ళ ఫ్రెంచిలో మాత్రం దానికి హస్తప్రయోగమన్న అర్థం ఉండడంతో కెనడాలో ఆ కారును 2009 దాకా అల్యూర్ పేరుతో అమ్మారు. తరువాతి మోడల్‌కు మళ్ళీ లాక్రాస్ పేరే పెట్టారు.

ఒక్కొక్కరినీ విడిగా, ఆడవాళ్ళను ఆడవాళ్ళే అడగాలి. పెద్దవాళ్ళ ముందు, యజమాని ముందు ఎవరూ బూతు పలకరు. పరీక్షించే పేరును ఒంటరిగా ఇవ్వకుండా ఐదు పేర్ల మధ్యలో పెట్టాలి. ఆ ఐదింటిలో ఒకటి ఏ దోషమూ లేనిది, ఇంకొకటి తమిళంలో మొరటుదని మనకు ముందే తెలిసినది ఉండాలి. ఆ మొరటు పేరును కూడా 'బాగుంది' అన్నవాడు మొహమాటపడుతున్నాడని అర్థం. వాడి మిగతా జవాబులూ పక్కన పెట్టేయాలి.

అడిగే వరుస కూడా ముఖ్యమే. మొదట కాగితం చూపించకుండా ఫోన్లో రికార్డు చేసిన గొంతు వినిపించాలి. అది తెలుగువాళ్ళ గొంతే అయి ఉండాలి, రేపు ప్రకటనలో వినబడేది అదే కదా. విన్నది తిరిగి పలకమనాలి, తర్వాత ఏం గుర్తొచ్చిందని అడగాలి. వస్తువేమిటో చెప్పడం ఆ తర్వాతే. ముందే ఒంటికి రాసుకునే పిండి అంటే వాళ్ళ ఆలోచన ఆ దారిలో పడిపోతుంది. అప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో రాసినది చూపించాలి, చివరికి తమిళ లిపిలో. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ప, బ లకూ, త, ద లకూ అంతే. తెలుగులో విడిగా ఉన్న రెండు శబ్దాలు అక్కడ ఒకే రాతలో కలిసిపోతాయి. ఇంగ్లీషు అక్షరాలు న, ణ తేడానూ, ల, ళ తేడానూ మింగేస్తాయి. పైగా సున్నిపిండిని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఉత్తరాదివాడు 'సున్ని'ని ముస్లింలలో ఒక శాఖ పేరుగానూ, 'పిండి'ని రావల్పిండికి ముద్దుపేరుగానూ చదువుకుంటాడు, అది ఇంకో గొడవ.

ఆఖరున కొట్లో అడిగినట్టు వాక్యంలో పెట్టి పలకమనాలి, 'ఒకటి ఇవ్వండి' అని. చాలామంది ఇక్కడే బయటపడతారు. మొదటిసారి పలికినవాళ్ళు రెండోసారి పలకకుండా 'అదే, ఆ పౌడర్' అంటే పేరు పోయినట్టే. నోటితో 'ఏమీ లేదు' అంటూ పెదవి బిగబట్టి నవ్వినా అంతే. ఐదుగురిలో ఒక్కరికే, అదీ చాలాసేపు ఆలోచించాక ఏదో తట్టిందంటే నోవా కథ గుర్తుంచుకుని వదిలేయవచ్చు. ముగ్గురు వినగానే నవ్వితే ఇక చర్చ అక్కర్లేదు.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తులోనే ఇది తేలిపోతుందిలే అనుకోవడం పొరపాటు. మన రాష్ట్రం దరఖాస్తులు వెళ్ళేది చెన్నై కార్యాలయానికే. 1999 చట్టం తొమ్మిదో సెక్షన్ అసభ్యమైన గుర్తులను అనుమతించదు కూడా. కానీ అక్కడి పరిశీలన ప్రధానంగా పాత పేర్లతో పోలిక మీదా, పేరు వస్తువును వర్ణిస్తోందా అన్నదాని మీదా నడుస్తుంది. 'పూల సున్నిపిండి' లాంటి వర్ణనను సాధారణంగా ఎవరూ దరఖాస్తు చేయరు, చేసినా దొరకదు. కాబట్టి ఆ మాట ఏ పరిశీలనకూ చిక్కకుండా తిన్నగా ప్యాకెట్ మీదికి వచ్చేస్తుంది.

పరిష్కారం మాత్రం మన ఇంట్లోనే ఉంది. తమిళంలో ఈ పిండిని నలంగు మావు అంటారు, నలుంగు అని కూడా పలుకుతారు. పెళ్ళిలో మనం పెట్టే నలుగే అది. తెలుగులో 'నలుగు పిండి' ఎటూ వాడుకలో ఉన్న మాటే. తమిళ చెవికి అది తన మాటలాగే వినబడుతుంది. 'పిండి' అక్కడ పిండాన్ని గుర్తుచేయవచ్చు కాబట్టి తమిళ వైపు 'మావు' అని వేయాలి. 'పూల' బదులు పువ్వు పేరే పెట్టాలి. గులాబీ కన్నా రోజా మేలు, రెండు భాషల్లోనూ అదే పువ్వు.

అచ్చుకు ఇచ్చేటప్పుడు పేరు అక్షరాలన్నీ నలుపు ఒక్కదానిలోనే ఉంచమనండి. గ్రావ్యూర్ అచ్చులో రంగుకొక సిలిండర్ చేస్తారు. పేరు మూడు రంగుల్లో ఉంటే భాష మారినప్పుడల్లా మూడు సిలిండర్లు చేయించాలి, నలుపులోనే ఉంటే ఒక్కటి చాలు. పరీక్ష పూర్తయ్యేదాకా సాదా పౌచ్ మీద స్టిక్కర్‌తోనే నడిపించడం ఇంకా చవక. సరుకు ములబాగిలు, కోలారు వైపు వెళ్ళేట్టయితే ఇంకో ఐదుగురు కావాలి. కన్నడంలో 'నలుగు' అంటే నలిగిపోవడం, వాడిపోవడం. అది బూతు కాదు గానీ, ఒళ్ళు మెరవడానికి కొనే పొడికి ఆ పేరు వాళ్ళకు నచ్చుతుందో లేదో అడిగే తెలుసుకోవాలి.