రోజూ ఎడిటోరియల్ చదివితే ఇంగ్లిష్ మాటలు వస్తాయా? గ్రేడెడ్ రీడర్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: "రోజూ హిందూ ఎడిటోరియల్ చదువు, ఒకాబులరీ అదే వస్తుంది."

వైజాగ్‌లో డిగ్రీ చదివే పిల్లలకి ఇంట్లో బాబాయి దగ్గర్నుంచి కోచింగ్ సెంటర్ సారు దాకా అందరూ ఇచ్చే సలహా ఇది. సలహా తప్పు కాదు గానీ, నాలుగైదేళ్లు ముందుగా ఇచ్చేస్తున్నారు.

పేపరైనా నవలైనా నిఘంటువు జోలికి పోకుండా సాఫీగా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలిసి ఉండాలని పదజాల పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. హెల్ప్, హెల్ప్‌ఫుల్, హెల్ప్‌లెస్ మూడూ కలిపి ఒక కుటుంబం. ఇంగ్లిష్‌లో మధ్యస్థాయిలో ఉన్న మనిషికి వచ్చినవి సుమారు రెండు మూడు వేలు. పేపరుకీ అతనికీ మధ్య ఉన్న దూరం అంత.

ఆ దూరం ఒక పేజీ మీద ఎలా కనబడుతుందో చూద్దాం. గాజువాక నుంచి మద్దిలపాలెం కోచింగ్‌కి రోజూ బస్సులో వచ్చే ఒకమ్మాయిని ఊహించుకోండి. సీటు దొరికాక ఆమె చేతిలో పదిహేను నిమిషాలుంటాయి. మామూలు నవల తెరిచింది. పేజీకి 250 మాటలు, నూటికి పది తెలియవు. అంటే పేజీకి 25 మాటలు. ఒక్కో మాట ఫోన్లో వెతకడానికి అరనిమిషం వేసుకున్నా పన్నెండున్నర నిమిషాలు వెతుకులాటకే పోయాయి. దిగే స్టాపు వచ్చేసరికి ఒక్క పేజీ అయింది, పైగా కథ ఎక్కడుందో గుర్తులేదు.

అదే అమ్మాయి నూటికి రెండు మాటలు మాత్రమే తెలియని పుస్తకం తెరిస్తే నిమిషానికి 120 మాటల చొప్పున పదిహేను నిమిషాల్లో 1,800 మాటలు చదువుతుంది. అంటే ఏడు పేజీలకి పైనే. వారానికి ఆరు రోజులు చదివితే దాదాపు 10,800. ఇలా మాటల్ని అదుపు చేసి మెట్లవారీగా రాసే పుస్తకాలే గ్రేడెడ్ రీడర్లు, వాటిలో వాడే మూల పదాల్ని హెడ్‌వర్డ్‌లంటారు. వెయ్యి హెడ్‌వర్డ్‌ల గ్రేడెడ్ రీడరు ఒకటి సుమారు పదివేల మాటలుంటుంది కాబట్టి వారానికో పుస్తకం అయిపోతుంది.

ఈ "నూటికి రెండు" ఎవరో సరదాగా చెప్పిన లెక్క కాదు. హు, పైన చెప్పిన నేషన్ ఇద్దరూ కలిసి 2000లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే కథని వేరువేరు మోతాదుల్లో తెలియని మాటలు కలిపి చదివించారు. నూటికి ఇరవై తెలియనప్పుడు ఎవరికీ కథ సరిగా అందలేదు. పది తెలియనప్పుడు ఏ కొద్దిమందికో అందింది. తోడు లేకుండా ఎక్కువమంది గట్టెక్కాలంటే నూటికి 98 తెలిసి ఉండాలని తేల్చారు.

మీరు చూసుకోవడం తేలికే. పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ తీయండి. మొదటి పేజీ వద్దు, అక్కడ సగం పేర్లూ పరిచయాలే ఉంటాయి. వంద మాటలు లెక్కపెట్టి, అర్థం తెలియని దానికల్లా ఒక వేలు ముడవండి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు తెలిసినవాటి కిందే లెక్క. రెండు వేళ్ల లోపు ముడిస్తే ఆ పుస్తకం మీదే. మూడు నాలుగైతే కథ బాగా పట్టుకుంటే తప్ప కష్టం. ఐదూ ఆపైన అయితే ఒక మెట్టు దిగండి. అక్కడితో ఆగకుండా గడియారం పెట్టుకుని ఒక నిమిషం చదివి, ఎన్ని మాటలయ్యాయో కూడా లెక్కపెట్టండి. మాటలన్నీ తెలిసినా 80 దాటడం లేదంటే మీరు చదవట్లేదు, లోపల తెలుగులోకి తర్జుమా చేసుకుంటున్నారు. అప్పుడూ మందు అదే, ఒక మెట్టు కిందికి దిగడం.

అపోహ: "తేలిక ఇంగ్లిష్ పుస్తకాలన్నీ ఒకటే."

డబ్బులు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. రైల్వే స్టేషన్ స్టాల్లోనో పుస్తకాల షాపులోనో పల్చటి బొమ్మల అట్టతో దొరికే పాత నవలల సంక్షిప్త ముద్రణలు చాలామంది కొంటారు. వాటిలో కథని కుదించారు గానీ మాటల్ని కుదించలేదు. మూడు వందల పేజీలు అరవై అయ్యాయి, కానీ పాతకాలపు మాటలు అక్కడే ఉన్నాయి. నిజానికి అవి ఇంకా కష్టం, ఎందుకంటే కథ అర్థం చేసుకోవడానికి ఊతమిచ్చే వర్ణనలూ సంభాషణలూ కత్తెరకి పోయాయి.

గ్రేడెడ్ రీడరులో పనిగట్టుకుని అదుపు చేసేది మాటల్నీ వాక్య నిర్మాణాల్నీ. గుర్తుపట్టడం ఎలాగంటే, వెనక అట్ట తిప్పి చూడండి. హెడ్‌వర్డ్‌లు ఇన్ని అని అంకె వేసి ఉండాలి. అంకె లేకపోతే అనుమానించాల్సిందే. లెవెల్ నంబరుని మాత్రం నమ్ముకోకండి, ఒక్కో ప్రచురణకర్తది ఒక్కో కొలత. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్‌లో మూడో స్టేజీ అంటే 1,000 హెడ్‌వర్డ్‌లు, నాలుగోది 1,400. కేంబ్రిడ్జ్ ఇంగ్లిష్ రీడర్స్‌లో మూడో లెవెలే 1,300. మూడు నుంచి మూడుకి మారాననుకుని అక్కడ బోల్తా పడతారు.

ఇవి చిన్నపిల్లల పుస్తకాలని చిన్నచూపు చూసేవాళ్లకి ఒక మాట. ఈ పద్ధతికి దారి వేసినవాళ్లలో ముఖ్యుడు మైకేల్ వెస్ట్. 1920లలో ఢాకాలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లల చేతుల్లో ఉన్న ఇంగ్లిష్ వాచకాలు అరుదైన మాటలతో కిక్కిరిసిపోయాయని గమనించి, వాటి బదులు వాడుక మాటలు పెట్టి, కొత్త మాటల్ని పలచగా చల్లుతూ వాచకాలు రాశాడు. అంటే మన ఉపఖండపు తరగతి గదిలో పుట్టిన ఇబ్బందికి దొరికిన విరుగుడే ఇది.

అపోహ: "తెలియని ప్రతి మాటా నోట్‌బుక్‌లో రాసుకోవాలి."

అలా రాసిన నోట్‌బుక్కుల్లో మొదటి ఇరవై పేజీలు నిండుగా, మిగతావి తెల్లగా ఉంటాయి. పుస్తకం తోడుగా పెన్సిల్ ఒక్కటి చాలు. తెలియని మాట తగిలితే పక్క మార్జిన్‌లో చుక్క పెట్టి ముందుకి పోవాలి. ఆగకూడదు. అదే మాట మళ్లీ తగిలితే అక్కడా చుక్క పెట్టండి. అధ్యాయం అయ్యాక వెనక్కి తిరగేసి, మూడు చుక్కలు పడ్డ మాటలు మాత్రమే ఏరండి. వాటికే డిక్షనరీ, వాటికే నోట్‌బుక్. అధ్యాయానికి మూడో నాలుగో తేలతాయి.

ఒక్క చుక్క దగ్గరే ఆగిపోయిన మాటని వదిలేయడానికి మనసొప్పదు. కానీ పదివేల మాటల పుస్తకంలో ఒక్కసారే కనబడిన మాట మీ స్థాయిలో మళ్లీ ఎప్పుడు కనబడుతుందో తెలియదు. మూడుసార్లు వచ్చింది రేపు కూడా వస్తుంది. ఒక్కసారే వచ్చినా అది తెలియకపోతే కథే ఆగిపోతుందంటే మాత్రం వెంటనే చూసేయండి, తప్పులేదు. రాసేటప్పుడు మాట ఒక్కటే కాకుండా అది వచ్చిన వాక్యం మొత్తం దించుకోండి.

అపోహ: "తెలిసిన మాటలే కదా, కొత్తగా నేర్చుకునేదేముంది?"

ఇది తెలుగువాళ్లకి ప్రత్యేకం, కాబట్టి కాస్త నిలబడి చూడాలి. మనం రోజంతా ఇంగ్లిష్ మాటలు వాడతాం, కానీ వాటికి మన అర్థాలిచ్చి వాడతాం. వేలు ముడిచే పరీక్షలో అవి తెలిసినవాటి కింద జారిపోతాయి.

డౌట్ అనే మాట తీసుకోండి. మనకి డౌట్ అంటే సారుని అడిగే ప్రశ్న, లేదా అనుమానం. "వాడే తీశాడని నా డౌటు" అంటే వాడే తీసి ఉంటాడని. ఇప్పుడు కథలో ఒకడు "డిడ్ హీ టేక్ ద మనీ?" అని అడిగితే, రెండోవాడు "ఐ డౌట్ ఇట్" అన్నాడు. తెలుగు చెవికి అది "వాడే అయ్యుంటాడు" అని వినబడుతుంది. ఇంగ్లిష్‌లో దానర్థం సరిగ్గా తలకిందులు: "వాడు తీశాడంటే నేను నమ్మను." ఆ వాక్యం దగ్గర అడ్డదారి పట్టిన పాఠకుడికి తర్వాతి రెండు పేజీలూ పొసగవు. తెలియని మాట ఒక్కటీ లేదు, కథ మాత్రం తెగిపోయింది.

మెస్ కూడా అంతే. మనకది ప్లేట్ మీల్స్ దొరికే చోటు. "ద రూమ్ వాజ్ ఎ మెస్" అంటే గది చిందరవందరగా ఉందని. ఇక హార్డ్లీ. హార్డ్‌కి చుట్టం లాగే ఉంటుంది కాబట్టి "హీ హార్డ్లీ వర్క్స్" అంటే కష్టపడి పనిచేస్తాడని ముచ్చటపడతాం. అసలర్థం, పని దాదాపు చెయ్యనే చెయ్యడని.

కాబట్టి చదువుతుండగా మాటలన్నీ తెలిసి కూడా కథ పొసగకపోతే, మార్జిన్‌లో చుక్క బదులు అడ్డగీత పెట్టండి. అడ్డగీతకి మూడుసార్లు ఆగక్కర్లేదు. ఆ అధ్యాయం కాగానే ఆ వాక్యంలోని అతి మామూలు మాటని డిక్షనరీలో చూడండి, రెండో మూడో అర్థం దాకా వెళ్లండి. ఈ స్థాయిలో ఒకాబులరీ పెరగడమంటే సగం ఇదే.

అపోహ: "చదువుతూ పోతే మాటలు వాటంతటవే అంటుకుంటాయి."

కొంతవరకే. రాబ్ వేరింగ్, మిసాకో తకాకి అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన ప్రయోగంలో 15 మంది జపాన్ విద్యార్థినుల చేత ఒక గ్రేడెడ్ రీడరు చదివించారు. అందులో 25 మాటల స్థానంలో ఇంగ్లిష్‌లోనే లేని మాటలు కల్పించి పెట్టారు. చదివిన వెంటనే అర్థం సొంతంగా చెప్పగలిగింది సగటున ఐదు మాటల లోపే. మూడు నెలల తర్వాత అడిగితే సగటున ఒక్కటి. నాలుగు జవాబుల్లోంచి ఏరమన్నప్పుడు మాత్రం అప్పటికీ ఆరు దాకా గుర్తుపట్టారు.

దీన్నిబట్టి ఒక పుస్తకంతో మాట చేతికి రాదు, ముఖం పరిచయమవుతుంది. ఆ పరిచయం ఆరిపోయేలోగా మళ్లీ కలవాలి. అందుకే ఒక లెవెల్లో కనీసం ఐదు పుస్తకాలు చదివాకే పైకి ఎక్కమనేది. ఒకటి చదవగానే పై మెట్టెక్కితే కింద మెట్టు మాటలు పచ్చిగానే ఉండిపోతాయి. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య నెల ఖాళీ వచ్చినా అంతే. మన గాజువాక అమ్మాయికి ఐదు వారాలు ఒక లెవెలు. నోట్‌బుక్‌లో మూడు చుక్కల మాటలుంటాయి కదా, శనివారం పది నిమిషాలు వాక్యంలో ఆ మాటని అరచేత్తో మూసి చెప్పుకోవాలి. మాట్లాడటంలోకి రావాలంటే ఆ పని తప్పదు, చదవడం ఒక్కటే అంత దూరం తీసుకెళ్లదు.

పై మెట్టు చివర మరో గుంట ఉంది. పెద్ద సిరీస్‌లు రెండున్నర మూడు వేల హెడ్‌వర్డ్‌ల దగ్గర, మహా అయితే నాలుగు వేల లోపు ఆగిపోతాయి. నవలకి ఎనిమిది వేలు కావాలి. ఈ గుంట దాటించడానికి పాల్ నేషన్ పాత నవలల్ని 4,000, 6,000, 8,000 మాటల స్థాయిలకి సర్ది, మిడ్ ఫ్రీక్వెన్సీ రీడర్స్ పేరుతో ఉచితంగా అందుబాటులో పెట్టాడు. ఆఖరి గ్రేడెడ్ లెవెల్లో ఐదు పుస్తకాలయ్యాక వాటిలో 4,000ది ఒకటి దించుకుని, మధ్య పేజీ తీసి, మళ్లీ వంద మాటలు లెక్కపెట్టి వేళ్లు ముడవండి.