రేటు లాక్: మొత్తం బరువుకా, కట్టిన డబ్బుకా?

పెళ్లి మూడు నెలల్లో ఉందనగానే బషీర్‌బాగ్‌లోనో కూకట్‌పల్లిలోనో నగల షాపుకెళ్లి, అడ్వాన్స్ కట్టి ఆ రోజు రేటు ఖాయం చేసుకోవడం హైదరాబాద్‌లో మామూలైపోయింది. తీరా బిల్లు దగ్గర గొడవయ్యేది ఒక్క మాట మీదే: రేటు లాక్ అయింది నగ మొత్తానికా, కట్టిన డబ్బుకు వచ్చే గ్రాములకా?

4 తులాల హారమే చూద్దాం. బుక్ చేసిన రోజు 22 క్యారెట్ల గ్రాము 9,000 అనుకుంటే బంగారం 3,60,000. అందులో పావు వంతు, 90,000 కట్టారు. తీసుకునే రోజుకు గ్రాము 9,600 అయింది. మొత్తం బరువుకు లాక్ ఇచ్చిన షాపులో 3,60,000కే లెక్క. డబ్బును గ్రాముల్లోకి మార్చే షాపులో 10 గ్రాములకే పాత రేటు, మిగతా 30 గ్రాములకు కొత్తది. మొత్తం 3,78,000 అవుతుంది. అడ్వాన్స్ అంతే, తేడా 18,000. తరుగు కూడా కొత్త రేటు మీద వేస్తే ఇంకాస్త పెరుగుతుంది. కౌంటర్లో 'రేటు ఫిక్స్ సార్' అన్న మాట రెండింటికీ సరిపోతుంది, అదే చిక్కు.

షాపువాళ్ల బాధ కూడా ఉంది. రేటు ఖాయం చేశాక అంత బంగారం అప్పుడే కొని పెట్టుకోవాలి, లేదా సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో ముందస్తు కొనుగోలు వేసుకోవాలి. పావు వంతే చేతికొస్తే మిగతా పెట్టుబడి, దాని వడ్డీ వాళ్లవే. అందుకే అడ్వాన్స్ తగ్గేకొద్దీ గడువూ తగ్గుతుంది.

రేటు పడితే కథ తిరగబడుతుంది. 2024 జూలై 23న బడ్జెట్‌లో బంగారం దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి దిగింది, ధర ఒక్కసారిగా పడింది. 'బుక్ చేసిన రోజు, తీసుకున్న రోజు రేట్లలో ఏది తక్కువైతే అది' అని రసీదులో రాసి ఉన్నవాళ్లకే అలాంటప్పుడు లాభం. ఆ వాక్యం లేకపోతే పాత రేటుకే కొనాలి. మానుకుందామంటే చాలాచోట్ల నగదు వెనక్కివ్వరు, నగే తీసుకోమంటారు. 2025 ఏప్రిల్‌లో మేలిమి 10 గ్రాములు లక్ష తాకడంతో అప్పట్లో రేటు పడుతుందన్న ఊసే పోయింది గానీ, ఆ వాక్యం విలువ తగ్గలేదు.

గడువు ఏడాది దాటకపోవడానికి కారణం 2014 నాటి కంపెనీల డిపాజిట్ నిబంధనలు. సరుకు కోసం తీసుకున్న అడ్వాన్స్‌ను కంపెనీ 365 రోజుల్లో సరుకుకు జమ చేయకపోతే అది డిపాజిట్ కింద లెక్క. నగల షాపుల నెలవారీ స్కీములు 11 నెలలకు ఆగేదీ ఇందుకే.

జీఎస్టీ మాత్రం లాక్ కాదు. సరుకు అడ్వాన్సుల మీద 2017 నవంబర్ 15 నుంచి పన్ను తీసేశారు కాబట్టి, బిల్లు రోజు ఎంత శాతముంటే అంతే పడుతుంది. ఇప్పుడది 3 శాతం.

ఇక తూకం. 40 గ్రాములకు బుక్ చేసిన హారం 42 తూగితే ఆ 2 గ్రాములకు తీసుకునే రోజు రేటు వేస్తారు. 37 తూగితే మిగిలిన 3 గ్రాముల సంగతి రసీదులో రాయించుకోకపోతే, పాత రేటు ఆ హారంతోనే ముగిసిందంటారు.