జ్వరం దిగింది, ఓపిక రాలేదు

ఫ్లూ జ్వరం సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల్లో దిగిపోతుంది. నీరసం మాత్రం వారాల తరబడి వదలకపోవచ్చు. స్నానం చేసి రాగానే కాసేపు నడుం వాల్చాలనిపిస్తుంది, ఒక అంతస్తు ఎక్కితే గుండె దడదడలాడుతుంది.

దీనికి కొంత కారణం రోగనిరోధక వ్యవస్థ. వైరస్‌తో పోరాడేటప్పుడు అది సైటోకైన్లనే రసాయనాలను వదులుతుంది. పడుకోవాలనిపించడం, దేనిమీదా మనసు నిలవకపోవడం వాటి ప్రభావమే. మిగతాది మంచం చేసే పని. 1966లో డాలస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం దిగకుండా ఉంచి పరీక్షించారు. కఠిన శ్రమలో వాళ్ల శరీరం వాడుకోగలిగే ఆక్సిజన్ సగటున పావు వంతుకు పైగా తగ్గిపోయింది. వాళ్లకు ఏ జబ్బూ లేదు, కేవలం పడుకున్నారంతే!

చాలామంది దెబ్బతినేది 'ఈ రోజు బాగుంది' అనుకున్న రోజునే. ఆదివారం ఒంట్లో తేలిగ్గా ఉందని ఇల్లంతా సర్ది, గంటసేపు నడిచారనుకోండి. సోమవారం బాగానే గడుస్తుంది. మంగళవారం లేవలేరు. అతిశ్రమ ఫలితం ఒక్కోసారి ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది కాబట్టి, తప్పు ఆదివారం జరిగిందని తట్టదు.

అందుకే మంచి రోజును కాదు, బాగాలేని రోజును కొలతగా పెట్టుకోవాలి. పదిహేను నిమిషాలు నడిస్తే మర్నాడో ఆ మర్నాడో కుదేలవుతున్నారు, పది నిమిషాలైతే ఏమీ కావడం లేదు అనుకుందాం. అప్పుడు పది దగ్గరే మొదలుపెట్టండి. ఆగకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగం చాలు. ఎంత హుషారుగా ఉన్నా నాలుగైదు రోజులు పది దాటొద్దు. ఇబ్బంది లేకపోతే పన్నెండు చేయండి, మళ్లీ నాలుగైదు రోజులు ఆగండి. అలసట తిరగబెడితే వెనకటి మెట్టుకు దిగాలి. ఇంటిపని, ఆఫీసుపని కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బట్టలు ఉతికిన రోజు నడక తగ్గాల్సిందే.

పొద్దున లేవకముందే నాడిని అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసి రాసుకుంటే ఇంకో ఆధారం దొరుకుతుంది. మామూలుకన్నా పదో, అంతకు మించో ఎక్కువ కనిపిస్తే ఆ రోజు తగ్గించుకోవడం మేలు.

కొద్దిగా పెంచినా ప్రతిసారీ కుప్పకూలుతుంటే మాత్రం ఇది వేరే వ్యవహారం. అక్కడ పట్టుబట్టి పెంచడం హాని చేయవచ్చు. దీర్ఘకాలిక అలసట జబ్బు ఉన్నవాళ్లకు నిర్ణీత మోతాదులో వ్యాయామం పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో చెప్పింది. నెల దాటినా మెరుగు లేకపోతే రక్తహీనత, థైరాయిడ్, షుగర్ లాంటివి డాక్టర్‌తో చూపించుకోవాలి. తగ్గిన జ్వరం మళ్లీ వచ్చి దగ్గు ముదిరితే న్యుమోనియా కావచ్చు. ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, కూర్చున్నా ఆయాసం ఉంటే గుండె కండరానికి వాపు వచ్చి ఉండొచ్చు. అప్పుడు నడక ఆపేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.