కరెంట్ రేషియో, క్విక్ రేషియో: కాగితం మీద ఉన్న డబ్బు, చేతికి వచ్చే డబ్బు

చార్టర్డ్ అకౌంటెంటుగా నా దగ్గరకు వచ్చే వ్యాపారులు బ్యాలెన్స్ షీటు చేతికివ్వగానే మొదట అడిగే ప్రశ్న, "మన రేషియో ఎంత వచ్చిందండీ?" అని. ఆ ఒక్క అంకె బాగుంటే బ్యాంకు అప్పు ఇస్తుందని, వ్యాపారం భద్రంగా ఉన్నట్టేనని వారి నమ్మకం. ఈ నమ్మకం చుట్టూ అల్లుకున్న కొన్ని అపోహలను ఇక్కడ విడమరచి చెప్పదలచాను.

ముందుగా లెక్క ఎలా కడతారో చూద్దాం. ఏడాదిలోపు నగదుగా మారే ఆస్తులను, అంటే సరుకు నిల్వ, ఖాతాదారుల నుంచి రావలసిన బాకీలు, చేతిలోనూ బ్యాంకులోనూ ఉన్న డబ్బు, సరుకు కోసం ఇచ్చిన అడ్వాన్సులు వంటివాటిని, ఏడాదిలోపు తీర్చవలసిన అప్పులతో భాగిస్తే వచ్చేది కరెంట్ రేషియో. ఆ ఆస్తుల్లోంచి సరుకు నిల్వనూ, ముందుగా చెల్లించిన అడ్వాన్సులనూ తీసేసి, మిగిలినదాన్ని అవే అప్పులతో భాగిస్తే వచ్చేది క్విక్ రేషియో. దీనికే ఆసిడ్ టెస్ట్ అని మరో పేరు. గీటురాయి మీద బంగారాన్ని గీసి, ఆ గీత మీద ఆమ్లపు చుక్క వేసి నాణ్యం తేల్చే కంసాలి పరీక్ష నుంచి ఆ పేరు వచ్చింది.

అపోహ: కరెంట్ రేషియో బ్యాంకు అడిగినంత ఉంటే చేతిలో డబ్బుకు లోటుండదు.

వాస్తవం: ఆస్తులు ఎంత ఉన్నాయో ఆ అంకె చెబుతుంది గాని, అవి ఎప్పుడు, ఏ ధరకు డబ్బుగా మారతాయో చెప్పదు. పాఠ్యపుస్తకాల్లో 2 ఉండాలని చదువుకుంటాం. మన బ్యాంకుల్లో ఎక్కువగా వినిపించే అంకె 1.33. రిజర్వు బ్యాంకు 1974లో నియమించిన టాండన్ కమిటీ సూచించిన రెండో పద్ధతి ప్రకారం, మొత్తం కరెంట్ ఆస్తుల్లో పావు వంతును వ్యాపారి తన దీర్ఘకాలిక నిధుల నుంచి సమకూర్చుకోవాలి. మిగిలిన 75 పాళ్లు మాత్రమే స్వల్పకాలిక అప్పులు కావచ్చు కాబట్టి, 100ను 75తో భాగిస్తే 1.33 వస్తుంది. అంటే ఇది ఎవరి సొమ్ము ఎంత పెట్టాలన్న నియమం నుంచి పుట్టిన అంకె.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరులో ఒక మిర్చి వ్యాపారికి మార్చి 31 నాటికి కోల్డ్ స్టోరేజీలో క్వింటాలు 18,000 రూపాయల చొప్పున 1,000 క్వింటాళ్ల సరుకు ఉందనుకుందాం. దాని విలువ 180 లక్షలు. రావలసిన బాకీలు 70 లక్షలు, రైతులకిచ్చిన అడ్వాన్సులు 20 లక్షలు, నగదు 10 లక్షలు. మొత్తం 280 లక్షలు. సరుకు, బాకీల హామీ మీద బ్యాంకు నుంచి వాడుకునే అప్పు, అంటే క్యాష్ క్రెడిట్, 110 లక్షలు, సరుకు తాలూకు చెల్లించవలసినవి 70 లక్షలు, ఏడాదిలో కట్టవలసిన టర్మ్ లోన్ వాయిదాలు, ఇతర చెల్లింపులు కలిపి 20 లక్షలు. అప్పుల మొత్తం 200 లక్షలు. కరెంట్ రేషియో 1.4 కాబట్టి బ్యాంకు గీత దాటినట్టే. క్విక్ రేషియో మాత్రం 80ని 200తో భాగిస్తే 0.4. పైగా ఆ 70 లక్షల బాకీల్లో 25 లక్షలు ఆరు నెలలుగా కదలకుండా ఉంటే, త్వరగా చేతికొచ్చేది 55 లక్షలే. అప్పుడు నిష్పత్తి 0.28 దగ్గర నిలుస్తుంది.

ఇప్పుడు అసలు ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో గమనించండి. క్యాష్ క్రెడిట్ లిమిట్ ఎంత ఉన్నా, వాడుకోగలిగేది ప్రతి నెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటు నుంచి లెక్కగట్టే డ్రాయింగ్ పవర్ మేరకే. సరుకు విలువలోంచి సరుకు బాకీలు తీసేసి, మిగిలినదానిపై వ్యాపారి సొంతంగా భరించాల్సిన 25 శాతం మార్జిన్ పోగా వచ్చేది 110లో నాలుగింట మూడు వంతులు, అంటే 82.5 లక్షలు. బాకీల్లో 90 రోజులు దాటినవాటిని పక్కనపెడితే మిగిలిన 45 లక్షల మీద కూడా అదే మార్జిన్ అనుకుంటే 33.75 లక్షలు. రెండూ కలిపి 116.25 లక్షలు; వాడుకున్నది 110 లక్షలే కాబట్టి ఖాతా సక్రమంగానే ఉంది.

రెండు నెలల తర్వాత మిర్చి ధర క్వింటాలుకు 13,500కు పడిపోయిందనుకోండి. మిగతా అంకెలేవీ మారలేదనే అనుకుందాం. సరుకు విలువ 135 లక్షలకు దిగుతుంది, కరెంట్ రేషియో 1.18 అవుతుంది. అది చూసి కంగారుపడేవారు తక్కువే. కానీ డ్రాయింగ్ పవర్ 82.5 లక్షలకు పడిపోతుంది, అంటే 27.5 లక్షలు వెంటనే కట్టి ఖాతాను సరిచేయమని బ్యాంకు అడుగుతుంది. చేతిలో ఉన్నది 10 లక్షలు. మిగిలిన సొమ్ము కోసం, ధర లేని సమయంలోనే సరుకు అమ్ముకోవాలి. మార్చిలో 1.4 చూసి నిశ్చింతగా ఉన్న మనిషికి ఈ పరిస్థితి ఊహకు కూడా అందదు. క్విక్ రేషియో 0.4 దగ్గర ఉండటం మాత్రం, ఈ వ్యాపారం పూర్తిగా సరుకు ధర మీద, బ్యాంకు లిమిట్ మీద ఆధారపడి నిలబడిందని మార్చిలోనే చెప్పింది.

అపోహ: క్విక్ రేషియో 1 కన్నా తక్కువుంటే ఆ వ్యాపారం ప్రమాదంలో ఉన్నట్టే.

వాస్తవం: అదే తక్కువ అంకె ఒక సూపర్ మార్కెట్టుకు మామూలు విషయం కావచ్చు. సరుకు 60 లక్షలు, నగదు 15 లక్షలు, సరఫరాదారులకు ఇవ్వవలసినది 75 లక్షలు, ఇతర చెల్లింపులు 5 లక్షలు ఉంటే, కరెంట్ రేషియో 0.94, క్విక్ రేషియో 0.19. అయినా ఆ దుకాణానికి రోజుకు 4 లక్షల అమ్మకం నగదుగానో యూపీఐ ద్వారానో వస్తూ ఉంటే, సరుకు 18 రోజుల్లో అమ్ముడై, సరఫరాదారులకు 22 రోజులకు చెల్లిస్తే సరిపోతుంటే, సరుకు డబ్బు కట్టేలోపే చేతికి వస్తుంది. అమ్మకాలు తగ్గి సరుకు 18 రోజులకు బదులు 30 రోజులు అలమారాల్లో ఉండిపోతే మాత్రం ఈ వెసులుబాటు తలకిందులవుతుంది. కాబట్టి ఇటువంటి దుకాణంలో నేను రేషియో కన్నా ముందు ఆ 18 రోజులు, 22 రోజుల లెక్కలనే చూస్తాను.

రేషియో ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న మాట కూడా ఇదే కోవకు చెందుతుంది. అమ్ముడుపోని సరుకు, వసూలుకాని బాకీలు పెరిగినా కరెంట్ రేషియో పెరుగుతుంది. రెండోవి క్విక్ రేషియోను కూడా పెంచి చూపిస్తాయి.

అపోహ: మార్చి 31 నాటి అంకె ఏడాది పొడవునా ఉన్న పరిస్థితిని చూపుతుంది.

వాస్తవం: అది ఆ ఒక్క రోజు లెక్క మాత్రమే, దాన్ని మార్చడం కష్టమేమీ కాదు. కరెంట్ ఆస్తులు 150 లక్షలు, అప్పులు 100 లక్షలు ఉన్న సంస్థ మార్చి చివరి వారంలో బాకీలు గట్టిగా వసూలు చేసి 50 లక్షల అప్పు తీర్చేస్తే, ఆస్తులు 100, అప్పులు 50 అవుతాయి, రేషియో 1.5 నుంచి 2కు ఎగబాకుతుంది. సంస్థ పరిస్థితి మాత్రం అణువంత కూడా మారలేదు. రేషియో 1 కన్నా తక్కువున్నవారు ఇదే పని చేస్తే ఫలితం ఎదురు తిరుగుతుంది: ఆస్తులు 80, అప్పులు 100 ఉన్నప్పుడు 20 తీర్చేస్తే 0.8 కాస్తా 0.75 అవుతుంది.

2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, కంపెనీలు కంపెనీల చట్టంలోని షెడ్యూల్ 3 కింద కరెంట్ రేషియోను వెల్లడించి, గత ఏడాదితో పోలిస్తే 25 శాతానికి మించి మార్పు ఉంటే కారణం రాయాలి. ఆ వివరణ చదివాక నేను తెరిచేది ఏప్రిల్ నెల బ్యాంకు స్టేట్‌మెంటు. మార్చి నెలాఖరున తగ్గిన క్యాష్ క్రెడిట్ బకాయి ఏప్రిల్ మొదటి పది రోజుల్లోనే పాత స్థాయికి చేరితే, కరెంట్ రేషియోను ఫిబ్రవరి నెలాఖరు అంకెలతో మళ్లీ కట్టి చూస్తాను.